పూతరేకుల కొట్టు ఏడాది, 75 సెకన్లలో

(రావులపాలెంలో చిరు వ్యాపారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. శ్రోతల ప్రశ్నలు వచ్చిన చోటే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి.

డిసెంబరు వచ్చేసరికి ఈ ఏడాది మన కొట్లో జరిగినవన్నీ కలిపి ఒక చిన్న వీడియో చేద్దామనిపిస్తుంది. ఫోన్‌లో ఎడిటింగ్ యాప్ తెరుస్తారు, గ్యాలరీలో కంటికి కనపడ్డ నలభై ఫొటోలు ఎక్కిస్తారు, ఒక సినిమా పాట పెడతారు. చూస్తే సంక్రాంతి ఫొటోలే సగం ఉంటాయి, పోయిన ఏడాదివి రెండు దూరిపోయి ఉంటాయి, పెద్ద స్క్రీన్ మీద అంతా మసకమసకగా ఉంటుంది. యాప్ మార్చినా అదే తీరు. ఎందుకంటే తప్పు యాప్‌లో లేదండి, ఎక్కించిన ఫైళ్లలో ఉంది. అందుకని ఇవాళ ఎడిటింగ్ సంగతి తక్కువ చెప్పి, దానికి ముందు చేయాల్సిన పని గురించి ఎక్కువ చెప్తాను. ఏ ఫైలు నిజంగా ఏ రోజుది, దాని అసలు కాపీ ఎక్కడుంది అన్న రెండూ తేలితే మిగతా పని ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

మాటలకి ఆధారంగా ఒక కొట్టు అనుకుందాం. ఆత్రేయపురంలో ఇంట్లోనే పూతరేకులు చుట్టి అమ్మేవాళ్లు. వేసవిలో మామిడి తాండ్ర కూడా వేస్తారు. ఇంటాయన దగ్గర ఒక ఫోన్, కోడలి దగ్గర ఒక ఫోన్. ఇన్‌స్టాగ్రామ్ పేజీ కోడలు చూసుకుంటుంది, ఫేస్‌బుక్ పేజీ ఎప్పుడో తెరిచి వదిలేశారు. వాట్సాప్‌లో రోజూ స్టేటస్ పెడతారు. రేకులు తీసే ఆడవాళ్లతో ఒక గ్రూపు, కొరియర్ కుర్రాడితో ఇంకో గ్రూపు ఉన్నాయి. అన్నీ కలిపితే వెయ్యి ఫొటోలు, రెండు వందల క్లిప్పులు తేలతాయనుకోండి. వీటిలోంచి మనకి కావలసింది ముప్పై షాట్లు.

ముందు పోగేయడం. ఒక ఫోల్డర్ తెరిచి, దానిలో ఎక్కడినుంచి వచ్చిందో దాన్నిబట్టి చిన్న ఫోల్డర్లు పెట్టండి. ఇంటాయన కెమెరా, కోడలి కెమెరా, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వేరేవాళ్లు పంపినవి. ఈ దశలో ఏదీ తీసెయ్యకండి, ఏదీ కలపకండి. ఏ ఫైలు ఏ దారిన వచ్చిందో తెలిస్తేనే దాని తేదీని ఎంత నమ్మాలో తెలుస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఒక్కొక్క పోస్టూ స్క్రీన్ రికార్డింగ్ చేసుకునేవాళ్లున్నారు. ఆ పని వద్దండి. స్క్రీన్ రికార్డింగ్‌లో లైకుల గుర్తులు, బ్యాటరీ బొమ్మ, మధ్యలో వచ్చే నోటిఫికేషన్ అన్నీ పడతాయి. సెట్టింగ్స్‌లో `Accounts Centre`, దాంట్లో `Your information and permissions`, దాని కింద `Download your information` అని ఉంటుంది. కొన్ని ఫోన్లలో `Export your information` అని కనపడుతుంది. తేదీలు జనవరి 1 నుంచి పెట్టి, మీడియా క్వాలిటీ దగ్గర తప్పకుండా `High` ఎంచుకోండి. అక్కడ ముందే ఎంచి ఉండేది అది కాదు, చాలామంది చూసుకోకుండా నొక్కేసి తర్వాత బాధపడతారు. ఫైళ్లు తయారవ్వడానికి కొంతసేపు పట్టచ్చు. తయారయ్యాయని మెయిల్ వచ్చాక దించుకోవడానికి నాలుగు రోజులే గడువు. స్టోరీలు 24 గంటల్లో పోయాయని దిగులుపడక్కర్లేదు. ఆర్కైవ్ ఆన్‌లో ఉంటే అవన్నీ భద్రంగా ఉంటాయి. వాట్సాప్ స్టేటస్‌కి మాత్రం అలాంటి ఆర్కైవ్‌ని నమ్ముకోకండి. దానికోసం తీసిన అసలు క్లిప్ గ్యాలరీలో ఉంటేనే ఉన్నట్టు.

ఇప్పుడు తేదీలు. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి కాబట్టి నెమ్మదిగా చెప్తాను.

ఫోన్ కెమెరాతో ఫొటో తీస్తే ఫైల్లోపలే తీసిన రోజు, సమయం రాసి ఉంటాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పేరు కూడా `IMG_20250113_044512.jpg` లాగా ఉంటుంది. దీన్ని నమ్మచ్చు. అదే ఫొటో వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లోపల రాసిన తేదీ ఊడిపోతుంది. పేరు `IMG-20250210-WA0012.jpg` అని మారుతుంది. పేరులో కనపడే ఆ తేదీ ఫొటో తీసిన రోజుది కాదండి, వాట్సాప్‌లో చేరిన రోజుది. జనవరిలో తీసిన ఫొటోని ఎవరో ఫిబ్రవరిలో గ్రూపులో పెడితే అది ఫిబ్రవరి ఫొటో అయిపోతుంది. రెండేళ్ల కిందటి ఫొటో ఈ ఏడాది ఫార్వర్డ్ అయితే ఈ ఏడాదిదే అయిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్ నుంచి దించుకున్నవీ అంతే, పోస్టు చేసిన రోజే వాటి తేదీ. గీతకి అటూ ఇటూ తేడా చూడండి: `IMG_` అని అడుగు గీత ఉంటే కెమెరాది, `IMG-` అని మధ్య గీత, చివర `WA` ఉంటే వాట్సాప్‌ది.

వీడియోలకి ఇంకో చిక్కు ఉంది. వీడియో ఫైల్లోపల సమయాన్ని చాలా ఫోన్లు మన గడియారం ప్రకారం రాయవు, యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయం ప్రకారం రాస్తాయి. మన సమయానికి అది అయిదున్నర గంటలు వెనక. పగలు తీసిన వీడియోకి దీనివల్ల రోజు మారదు. తెల్లవారుజామున అయిదున్నరలోపు తీసినదానికి మాత్రం మారిపోతుంది. మన ప్రాంతంలో ముఖ్యమైన క్లిప్పులు కొన్ని పడేది సరిగ్గా ఆ వేళప్పుడే. 2025లో భోగి జనవరి 13న వచ్చింది. కొట్టు ముందు భోగిమంట 4 గంటల 40 నిమిషాలకి తీస్తే, కంప్యూటర్‌లో అది 12వ తేదీ రాత్రి 11 గంటల 10 నిమిషాలది అని చూపించచ్చు. భోగిమంట ఒక రోజు ముందుకి జరిగితే పెద్ద నష్టం లేదు. కానీ 2024 డిసెంబరు 31 అర్ధరాత్రి దాటాక, 12 గంటల 5 నిమిషాలకి కొట్లో కేకు కోసిన వీడియో ఉందనుకోండి. అది పాత సంవత్సరంలో కలిసిపోతుంది. 2025 అని వడపోసినప్పుడు జాబితాలోకే రాదు. ఏడాది మొదటి దృశ్యం అసలు కనపడకుండా పోతుంది.

కంప్యూటర్ అలవాటున్నవాళ్లు ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత పనిముట్టు వాడితే ఇది ఒక్క వరుసలో సరిపోతుంది. కెమెరా వీడియోల కాపీ ఉన్న ఫోల్డర్‌లో దీన్ని నడపండి:

```
exiftool -api QuickTimeUTC "-FileName<CreateDate" -d "%Y%m%d_%H%M%S%%-c.%%e" -ext mp4 .
```

యూటీసీని మీ కంప్యూటర్ గడియారానికి మార్చి, ఆ సమయంతోనే ఫైలుకి పేరు పెడుతుంది. ఇది పేర్లు మార్చేస్తుంది కాబట్టి అసలు ఫోల్డర్‌లో కాకుండా కాపీలో నడపాలి. వాట్సాప్ ఫైళ్ల మీద నడపకండి, వాటిలో తీసిన సమయం ఉండదు. కంప్యూటర్ లేనివాళ్లు ఒకటి గుర్తుపెట్టుకుంటే చాలు: జనవరి 1కి ముందు రోజు, ఏడాది చివర డిసెంబరు 31న ఉన్న ఫైళ్లు కూడా ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

(ఒక ప్రశ్న: తేదీ ఎక్కడా దొరక్కపోతే?)

ఫొటోలోనే సాక్ష్యం ఉంటుందండి. కొట్టు ఫొటోల్లో పెట్టె కనపడుతుంది కదా. పెట్టె డిజైన్ మధ్యలో మార్చి ఉంటే పాత పెట్టె ఎప్పటిదాకా ఉందో ఇంట్లో వాళ్లకి తెలుసు. పెట్టె మీద ప్యాకింగ్ తేదీ ముద్ర ఉంటుంది, ఫొటోని దగ్గరికి లాగి చూడండి. గోడ మీద క్యాలెండరు ఉంటుంది. వెనక చాపల మీద తాండ్ర ఎండుతుంటే అది ఎండాకాలమే. ఇవేవీ లేకపోతే ఆ ఫొటోని నెల పేరు రాయని చోట వాడండి, లేదా వదిలేయండి. తెలియని తేదీ మీద నెల పేరు వేస్తే, ఆ రోజు అక్కడున్న మనిషి ఎవరో ఒకరు కింద కామెంటులో పట్టుకుంటారు.

తేదీ తేలింది. ఇప్పుడు కాపీల సంగతి. ఒకే క్లిప్ నాలుగు చోట్ల ఉంటుంది. కోడలి గ్యాలరీలో అసలుది, గ్రూపులో వాట్సాప్‌ది, ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్‌గా ఒకటి, ఇంటాయన ఫోన్‌కి తిరిగొచ్చిన ఫార్వర్డ్ ఒకటి. నాలుగూ ఫోన్‌లో ఒకేలా కనపడతాయి. కానీ మన సరుకు పూతరేకు అయినప్పుడు ఒకటి కాదు.

రేకు తీసే క్లిప్ తీసుకోండి. బోర్లించిన కుండ కింద మంట ఉంటుంది. పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్లలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతారు. సుయ్‌మంటుంది. క్షణంలో ఒక పొర కడుతుంది, అంచు పట్టి లేపితే గాల్లో వణుకుతూ వస్తుంది. అసలు క్లిప్‌లో ఆ పొరలోంచి వెనకున్న చెయ్యి కనపడుతుంది, గుడ్డ నేత గీతలు రేకు మీద పడి కనపడతాయి. అదే క్లిప్ వాట్సాప్ కాపీలో చూస్తే రేకు తెల్లటి కాగితం ముక్కలా ఉంటుంది. గీతలుండవు, ఆవిరి గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. ఫైలు చిన్నది చేయడానికి వాట్సాప్ ముందు తీసేసేది ఇలాంటి సన్నటి, లేత రంగు తేడాలనే. బెల్లం దిమ్మనో కొబ్బరికాయల కుప్పనో తీస్తే ఇంత తేడా తెలియదు. మన సరుకులో ఉన్న అందమే ఆ సన్నదనంలో ఉంది, నష్టం కూడా అక్కడే పడుతుంది.

ఏది అసలుదో తెలుసుకోవడానికి ఫైలు సైజు చూడటం కన్నా సులువైన దారి లేదు. ఫోన్‌లో 1080 క్వాలిటీలో తీసిన వీడియో సెకనుకి సుమారు రెండు ఎంబీ తూగుతుంది. 15 సెకన్ల క్లిప్ 30 ఎంబీ దగ్గర ఉంటే అది అసలుది. నాలుగైదు ఎంబీలే ఉంటే ఎక్కడో నలిగొచ్చింది. కావలసిన ముప్పై క్లిప్పులు ఎంచుకున్నాక, ఏవి నలిగినవో చూసి, తీసినవాళ్లకి ఫోన్ చేసి అడగండి. "ఈ వీడియో నాకు డాక్యుమెంట్‌గా పంపమ్మా" అనాలి. వాట్సాప్‌లో పిన్ గుర్తు నొక్కి, గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ ఎంచుకుని అదే ఫైలు పంపితే అసలు సైజులో, లోపలి తేదీతో సహా వస్తుంది. వెయ్యి ఫైళ్లకీ ఈ పని చేయమని అనడం లేదు. ఎంపికైన ముప్పైలో పది, పన్నెండింటికి చేయాల్సొస్తుంది, అంతే. అందుకే అసలు కాపీల వేట ఎంపిక తర్వాత పెట్టుకోవాలి. ముందు పెట్టుకుంటే వారం తిరిగినా తెమలదు.

అసలు దొరకలేదు, ఫోన్ పోయింది, తీసినమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది అనుకోండి. నలిగిన కాపీనే వాడచ్చు, కానీ తెర నిండా వాడకండి. దానికో లెక్క ఉంది. మనం చేసేది నిలువు వీడియో, 1080 వెడల్పు, 1920 ఎత్తు. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన అడ్డం ఫొటో 1600 వెడల్పు, 1200 ఎత్తు దగ్గర ఉంటుంది. దాన్ని నిలువు తెర నిండా పరచాలంటే 1.6 రెట్లు సాగదీయాలి, పైగా రెండు పక్కలా సగానికి పైగా కోసెయ్యాలి. మసకబారకుండా ఎలా ఉంటుంది? సాగదీయకుండా వెడల్పు సరిపెడితే 1080 వెడల్పు, 810 ఎత్తు వస్తుంది. అలాంటివి రెండు ఒకదాని కింద ఒకటి పెడితే 1620 అవుతుంది. మిగిలిన 300లో మాట రాసుకోవచ్చు. రెండు ఫొటోలూ చక్కగా నిలబడతాయి. ఉదయం పెట్టెలు కడుతున్న ఫొటో పైన, సాయంత్రం ఖాళీ బల్ల కింద పెడితే కథ కూడా చెప్పినట్టుంటుంది. అడ్డంగా తీసిన వీడియోలకీ ఇదే పద్ధతి. 1080 వెడల్పులో ఒక్కొక్కటి 607 ఎత్తు వస్తుంది, మూడు పేరిస్తే తెర నిండుతుంది. పక్కన మసక నేపథ్యం వేసి నింపే పద్ధతి అన్ని యాప్‌ల్లోనూ ఉంది గానీ ముప్పై షాట్లలో పదింటికి అదే పెడితే చూసేవాళ్లకి విసుగొస్తుంది.

ఇక ఎంపిక. వెయ్యి ఫైళ్లలోంచి ముందు తీసి పక్కన పెట్టాల్సినవి పండగ శుభాకాంక్షల పోస్టర్లు. కొట్టు పేరు, ఫోన్ నంబరు వేసి చేయించినవి ఏడాదికి ముప్పై నలభై ఉంటాయి. వాటిలో మీ కొట్లో జరిగింది ఏమీ లేదు. తర్వాత ఒకే నిమిషంలో తీసిన పదిహేను ఫొటోల్లో ఒకటి ఉంచి మిగతావి పక్కకి. ఈ రెండు పనులకే సగం బరువు తగ్గిపోతుంది.

మిగిలినవాటిని నెలలుగా పేర్చకండి. పన్నెండు నెలలు, నెలకి ఆరేసి సెకన్లు అని లెక్క వేస్తే కాగితం మీద బాగుంటుంది, వీడియోలో నడవదు. జనవరిలో మూడు వందల ఫైళ్లుంటాయి, ఆగస్టులో ఆరుంటాయి. ఆ ఆరూ పనికిమాలినవైనా నెల ఉంది కదా అని పెట్టాల్సొస్తుంది. పూతరేకుల కొట్టుకి ఏడాది నెలల్లో నడవదండి, గిరాకీలో నడుస్తుంది. సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు తిరిగెళ్తూ పెట్టెలు కొనుక్కెళ్లే వారం ఒకటి. మామిడి రసం చాపల మీద పొర మీద పొర పోసే ఎండాకాలం, దాంతోపాటు పెళ్లిళ్ల ఆర్డర్లు. గోదావరి ఎర్రబడ్డ వానాకాలం. దసరా, దీపావళి. ఈ నాలుగూ కాలాలు పెట్టుకుంటే ఫైళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి.

75 సెకన్లని ఇలా పంచుదాం. మొదటి 4 సెకన్లు రేకు కుండ మీంచి లేచే షాట్, పాట లేకుండా ఆ సుయ్‌మన్న చప్పుడుతోనే. కొట్టు పేరు, "నమస్కారం" అన్న కార్డుతో మొదలుపెడితే జనం వేలితో పైకి తోసేస్తారు. ఆ తర్వాత సంక్రాంతికి 14 సెకన్లు, ఎండాకాలానికి 16, వానలకి 10, దసరా దీపావళికి 16. తర్వాత 10 సెకన్లు మనుషుల మొహాలు. రేకు తీసేవాళ్లు, చుట్టేవాళ్లు, పెట్టెలు కట్టేవాళ్లు, ఒక్కొక్కళ్లు పేరుతో, వాళ్లు సరేనంటేనే. చివరి 5 సెకన్లు కొట్టు చిరునామా. మొత్తం 75. ఒక్కో షాట్ రెండు, రెండున్నర సెకన్లు. తాండ్ర చాపని రోజూ ఒకే మూల నుంచి తీసిన ఫొటోలుంటే మాత్రం వాటిని అరసెకను చొప్పున వరసగా వేయండి. పసుపు పొర ముదిరి నల్లబడటం నాలుగు సెకన్లలో కనపడుతుంది. ఏడాది వీడియోలో కాలం గడిచిందని ఇంత బాగా చెప్పే దృశ్యం ఇంకోటి దొరకదు.

(ఒక ప్రశ్న: వరదప్పుడు కొట్టు మూసేశామండి, ఏమీ తీయలేదు. ఆ చోట ఏం పెట్టాలి?)

మంచి ప్రశ్న. ముందు ఏం పెట్టకూడదో చెప్తాను. వేరేవాళ్లు తీసిన వరద వీడియో దించి పెట్టకండి. అది వాళ్ల సొత్తు. పైగా ఎక్కడిదో లంక మునిగిన దృశ్యం మీ కొట్టు ఏడాదిలో కలిపితే మీ కొట్టే మునిగిందని జనం అనుకుంటారు. మీ దగ్గర ఉన్నవే వెతకండి. ఆర్డర్ల పుస్తకంలో ఆ వారం ఖాళీ పేజీ ఉంటుంది, దాన్ని ఇవాళ ఫొటో తీసినా తప్పులేదు, పేజీ అప్పటిదే కదా. "ఈ వారం పార్సెళ్లు లేవండి" అని వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఉంటుంది. నల్ల తెర మీద ఒకే మాట వేసినా సరిపోతుంది: "ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక, 13.75 అడుగులు." ఇక్కడివాళ్లకి ఆ అంకె చాలు. కానీ మీ ఏడాదిలో ఆ హెచ్చరిక నిజంగా ఇచ్చారా లేదా చూసుకునే రాయండి. మొదటిది 11.75, మూడోది 17.75. ఏది ఇచ్చారో ఆ రోజు పేపర్లో ఉంటుంది. మూడు సెకన్లు ఆ కార్డు, తర్వాత మళ్లీ మంట వెలిగించిన కుండ. పది సెకన్ల భాగం దాంతోనే నిండుతుంది.

షాట్లు పేర్చాక ఒకసారి ఆపి ఆపి చూడాల్సిన పని ఒకటుంది. పార్సెళ్లు కనపడే ప్రతి షాట్ దగ్గరా ఆపండి. పెట్టె మీద అంటించిన కాగితంలో కొన్నవాళ్ల పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు ఉంటాయి. రెండు సెకన్ల షాటే కదా ఎవరు చదువుతారనిపిస్తుంది. చూసేవాళ్లు వేలితో నొక్కిపెట్టి ఆపితే స్పష్టంగా చదవచ్చు. మనం అసలు కాపీ వేసి బొమ్మని బాగుచేసుకున్నాం కాబట్టి ఇంకా స్పష్టంగా చదవచ్చు. మసక పెట్టి దాచబోతే చెయ్యి కదిలినప్పుడు ఆ మసక పక్కకి జారి ఒకటి రెండు ఫ్రేముల్లో నంబరు బయటపడుతుంది. ఆ షాట్ మార్చెయ్యడమే మేలు. పిల్లల మొహాలున్నా, కొన్నవాళ్లు వాళ్ల పేజీలో పెట్టుకున్న వీడియో మనం తీసుకున్నా, ముందు అడగాలి. "అలాగే" అని వాట్సాప్‌లో ఒక మాట రాయించుకుంటే చాలు.

మాటలు రాసే దగ్గర తెలుగుతో ఒక ఇబ్బంది ఉంది. కొన్ని యాప్‌ల్లో ఒత్తులు విరిగిపోతాయి. మొదలుపెట్టకముందే "ఆత్రేయపురం, సంక్రాంతి, లక్ష్మి" అని మూడు మాటలు వేసి చూడండి. క్రింద పడాల్సిన ఒత్తు పక్కన పొల్లుతో నిలబడితే ఆ ఫాంటు గానీ ఆ యాప్ గానీ పనికిరాదు. మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఎక్కించుకోండి. అప్పటికీ విరిగితే మాటని వేరే యాప్‌లో వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా చేసి పైన అతికించండి. ఇంకోటి, "లక్ష్మి"లో ఒత్తు మీద ఒత్తు కిందకి బాగా దిగుతుంది. మాట వెనక రంగు పట్టీ వేస్తే ఆ ఒత్తు సగం తెగిపోతుంది, పట్టీ ఎత్తు కొంచెం పెంచండి. మాట ఎంతసేపు ఉంచాలంటే, మీరు పైకి రెండుసార్లు చదివేంతసేపు. రీల్స్‌లో అడుగు భాగం మీద పేజీ పేరు, క్యాప్షన్ వచ్చి కూర్చుంటాయి. అడుగున మూడో వంతు, పైన ఏడో వంతు వదిలి మధ్యలోనే రాయండి.

ఆ మాటల్లో అంకె వేయాలనుకుంటే లెక్కపెట్టగలిగిందే వేయండి. కొరియర్ రసీదులు దాచి ఉంటే అవెన్నో ఎంచి వేయచ్చు. "వేలాది కుటుంబాల నమ్మకం" అన్నదాని కన్నా 412 పార్సెళ్లు అన్న మాటకి విలువెక్కువ. ఇంకో జాగ్రత్త. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరు చెప్పుకుని అమ్మాలంటే చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. నమోదు కానివాళ్లు ఆ ముద్ర వీడియో చివర వేయకండి.

పాట సంగతి త్వరగా చెప్పేస్తాను. సినిమా పాట వద్దు. వ్యాపార ఖాతాకి ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పాటలు సాధారణంగా కనపడవు, బయట నుంచి కలిపి ఎక్కిస్తే శబ్దం మూగబోవచ్చు. మెటా సౌండ్ కలెక్షన్‌లో గానీ యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో గానీ ఒకటి ఎంచుకోండి. దాన్ని కిందకి తగ్గించి, మీ క్లిప్పుల్లో ఉన్న చప్పుళ్లని నాలుగైదు చోట్ల పైకి రానివ్వండి. కుండ మీద పిండి నీళ్లు, పెట్టెకి టేపు లాగే చప్పుడు, "రెండు బెల్లంవి, ఒకటి పంచదారది ఇవ్వండి" అన్న గొంతు.

రంగుల్లో ఒకటే చూసుకోండి. కొత్త ఫోన్లలో కొన్ని వీడియోని హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగునీడల తేడా ఎక్కువ పట్టే పద్ధతిలో తీస్తాయి. వాటిని మామూలు క్లిప్పుల పక్కన పెడితే వెలిసిపోయినట్టో, మరీ తెల్లగానో ఉంటాయి. రేకు తెల్లనిది కాబట్టి పూర్తిగా మాయమైపోతుంది. యాప్‌లో మామూలు పద్ధతికి, అంటే ఎస్‌డీఆర్‌కి మార్చే వీలుంటే మార్చండి. లేకపోతే ఆ క్లిప్ వెలుగు తగ్గించి, రేకు అంచు మళ్లీ కనపడేదాకా దించండి.

బయటికి తీసేటప్పుడు 1080 బై 1920, సెకనుకి 30 ఫ్రేములు, బిట్ రేటు 10 ఎంబీపీఎస్ పెడితే 75 సెకన్లకి 90 ఎంబీ పైచిలుకు వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కించే ముందు సెట్టింగ్స్‌లో మీడియా క్వాలిటీ దగ్గర `Upload at highest quality` ఆన్ చేయండి. వాట్సాప్ స్టేటస్ కోసం నిమిషంలోపు ఇంకో కాపీ చేసుకోండి, ఎక్కువైతే కొన్ని ఫోన్లలో ముక్కలైపోతుంది. దసరా భాగంలో నాలుగు సెకన్లు, వానల్లో మూడు, మనుషుల్లో రెండు, ఎండాకాలంలో ఏడు తీస్తే 59 అవుతుంది. మొదటి రేకు షాట్ మాత్రం తగ్గించకండి.

(చివరి ప్రశ్న: డిసెంబరు అయిపోకుండా ఎలా పూర్తి చేస్తాం? క్రిస్మస్ ఆర్డర్లు ఇంకా ఉన్నాయి కదా.)

డిసెంబరు 24కి అంతా కట్టేసి, దసరా దీపావళి భాగం చివరి మూడు సెకన్ల చోట ఖాళీ నల్ల ముక్క పెట్టి ఉంచండి. క్రిస్మస్‌కి పెట్టెలు బయటికెళ్లే షాట్ 25న ఎలాగూ పడుతుంది. దాన్ని నిలువుగా, కాగితాలు అంటించకముందే తీయండి, అప్పుడు చిరునామాల గొడవుండదు. రేకు కనపడాలంటే తెల్లటి బల్ల మీద కాకుండా ముదురు రంగు చీర మీదో, అరిటాకు మీదో పెట్టి తీయండి. ఆ మూడు సెకన్లు ఖాళీలో వేసి, 28, 29 ప్రాంతంలో విడుదల చేయండి. 31 రాత్రి అయితే అందరి ఫోన్లలోనూ అందరి వీడియోలూ ఒకేసారి దిగుతాయి.